పెద్ద కంపెనీ దగ్గర ఆగిన బిల్లు: చిన్న యూనిట్ బేరానికి ఎలా కూర్చోవాలి

జీడిమెట్లలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో నాలుగు లేత్ మిషన్లతో నడిచే యూనిట్ మీది అనుకుందాం. ఒక పెద్ద పంపుల కంపెనీకి విడిభాగాలు చేసి ఇస్తారు. సెప్టెంబరు 20న సరుకు పంపారు, అదే తేదీతో ఇన్వాయిస్ ఇచ్చారు. సరుకు విలువ 8,00,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 1,44,000, మొత్తం 9,44,000 రూపాయలు. పర్చేజ్ ఆర్డర్‌లో 90 రోజుల్లో చెల్లింపు అని ఉంది. ఆ 90 రోజులూ దాటాయి, ఫిబ్రవరి వచ్చింది. ఫోన్ చేస్తే "వచ్చే వారం చూద్దాం" అంటున్నారు. పన్ను మాత్రం మీరు అక్టోబరు 20కే ప్రభుత్వానికి కట్టేశారు.

డబ్బు పరంగా చూస్తే మీకు బలం లేదు. లాయర్‌ని పెట్టి ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగలేరు. సరుకు ఆపేస్తే ముందు నష్టపోయేది మీరే. అయినా మీ చేతిలో నాలుగు ఉన్నాయి: అవతలివాళ్ల గురించిన సమాచారం, బేరం తెగినా నిలబడే మరో దారి, గడువు తేదీలు, చట్టం మీకిచ్చిన న్యాయబద్ధత. వీటిని ఏ వరసలో వాడతారన్నదే ముఖ్యం. చాలామంది చివర వాడాల్సిన చట్టాన్ని మొదటి ఫోన్‌లోనే బెదిరింపుగా వాడేస్తారు. కాగితాలు సరిగా లేక అది తేలిపోతుంది, పైగా పర్చేజ్ ఆఫీసర్ మనసు విరుగుతుంది.

మొదటి పని: మీ కాగితాలు మీకు బలమో బలహీనతో తేల్చుకోండి

2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొన్నవాళ్లు ఒప్పుకున్న గడువులోగా డబ్బు చెల్లించాలి. ఆ గడువు ఎంత రాసుకున్నా 45 రోజులు దాటడానికి వీల్లేదు. రాతపూర్వక ఒప్పందమే లేకపోతే గడువు 15 రోజులే. కాబట్టి పీవోలో 90 రోజులని రాసి దానికింద మీరు సంతకం చేసినా, చట్టం దృష్టిలో అది 45 రోజులే. మన ఉదాహరణలో గడువు నవంబరు 4తో ముగిసింది. "సంతకం చేశాం కదా, ఇంకేం మాట్లాడతాం" అని వెనక్కి తగ్గేవాళ్లు ఎక్కువ. తగ్గాల్సిన పని లేదు.

ఈ రక్షణ మీకు వర్తిస్తుందో లేదో మూడు విషయాలు చూస్తే తెలుస్తుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ సరుకు పంపడానికి ముందే అయి ఉండాలి. బాకీ పడ్డాక రిజిస్టర్ చేసుకుంటే పాత బిల్లులకు ఈ హక్కులు రావని 2022లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఇంకా చేయించుకోకపోతే ఇవాళే udyamregistration.gov.in లో చేసుకోండి. అది ఉచితం, ఏజెంటుకు డబ్బివ్వక్కర్లేదు. పాత బిల్లుకు పనికిరాకపోయినా వచ్చే బిల్లుకు పనికొస్తుంది. రెండోది, మీరు సూక్ష్మ లేదా చిన్న సంస్థ అయి ఉండాలి. 2025 ఏప్రిల్ 1 నుంచి చిన్న సంస్థ పరిమితి యంత్రాల పెట్టుబడిలో 25 కోట్లు, టర్నోవర్‌లో 100 కోట్లు. మధ్యతరహా సంస్థకు ఈ చెల్లింపు రక్షణ లేదు. మూడోది, మీరు తయారీదారు లేదా సేవలందించేవారు అయి ఉండాలి. సరుకు కొని అమ్మే వ్యాపారులకు కూడా ఉద్యమ్ నంబరు ఇస్తారు గానీ, వాళ్లకు అది బ్యాంకు రుణాల వరకే. చాలామంది వ్యాపారులు ఈ తేడా తెలియకే దెబ్బతింటారు.

ఇక సరుకు ముట్టిన రుజువు. డెలివరీ చలాన్ మీద గేటు దగ్గర ఇన్‌వర్డ్ ముద్ర, తేదీ ఉన్నాయా? ఈ-వే బిల్లు ఉందా? సరుకు అందినట్టు వాళ్ల స్టోర్స్ ఇచ్చిన జీఆర్ఎన్ నంబరు మీ దగ్గరుందా? సరుకు అందిన 15 రోజుల్లోపు నాణ్యత గురించి రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే అంగీకరించినట్టు లెక్క. ఫిబ్రవరిలో మీరు డబ్బు అడిగాక హఠాత్తుగా "మీ ముక్కల్లో కొలత తేడా ఉంది" అని వచ్చే మెయిల్‌కు ఈ ఒక్క నియమమే జవాబు. కానీ ముద్ర లేని చలాన్‌తో ఆ జవాబు నిలబడదు. గేటు దగ్గర డ్రైవర్ తొందరపడి ముద్ర లేకుండా వచ్చేసిన రోజునే మీ బేరం సగం పోయిందని గుర్తుపెట్టుకుని, డ్రైవర్‌కు ఈ సంగతి గట్టిగా చెప్పి పంపండి.

రెండో పని: ఆలస్యం వాళ్లకెంత ఖరీదో లెక్కగట్టండి

మన బాధ మనకు తెలుసు. మీ 9.44 లక్షల మీద మీరు ఓడీ వడ్డీ కడుతున్నారన్న సంగతి అవతలి కంపెనీని కదిలించదు. వాళ్ల జేబుకు ఎంత చిల్లు పడుతుందో మీకు తెలిసి, వాళ్లలో ఆ లెక్క చూసే మనిషికి మీరు చెప్పగలిగితే కదులుతుంది. దానికి మూడు అంకెలు చాలు.

మొదటిది వడ్డీ. చట్టం ప్రకారం గడువు దాటిన బాకీ మీద ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ పడుతుంది. 2025 జూన్‌లో ప్రకటించిన బ్యాంకు రేటు 5.75 శాతం. ఆ రేటున వడ్డీ ఏడాదికి 17.25 శాతం, నెలకు 1.4375 శాతం. నవంబరు 4 నుంచి ఫిబ్రవరి 4 వరకు మూడు నెలలకు 9,44,000 మీద సుమారు 41,300 రూపాయలు అవుతుంది. రేటు మారుతూ ఉంటుంది కాబట్టి లెక్క వేసే రోజున చూసుకోండి.

రెండోది ఆదాయపు పన్ను. 2024-25 అసెస్‌మెంట్ ఏడాది నుంచి, సూక్ష్మ, చిన్న సంస్థలకు చట్టం పెట్టిన గడువు దాటాక మార్చి 31 నాటికి కూడా చెల్లించని మొత్తాన్ని కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపుకోలేడు. చెల్లించిన ఏడాదిలోనే చూపుకోవాలి. 1961 చట్టంలో ఇది 43బి(హెచ్). 2026 ఏప్రిల్ నుంచి అమలయ్యే కొత్త చట్టంలో సెక్షన్ నంబరు వేరు గనుక, ఉత్తరంలో రాసే ముందు మీ ఆడిటర్‌ని అడగండి. 25.17 శాతం పన్ను కట్టే కంపెనీ అయితే 8 లక్షల మీద సుమారు 2 లక్షలు ఈ ఏడాది అదనంగా కట్టాలి. తర్వాత చెల్లించినప్పుడు అది సర్దుకుంటుంది, కానీ ఈ మార్చికి నగదు బయటికి పోవడం ఖాయం.

మూడోది జీఎస్టీ. ఇన్వాయిస్ తేదీ నుంచి 180 రోజుల్లో మీకు డబ్బు చెల్లించకపోతే, వాళ్లు వాడుకున్న ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్‌ను వడ్డీతో సహా వెనక్కి కట్టాలి. సెప్టెంబరు 20కి 180 రోజులు కలిపితే మార్చి 19 వస్తుంది. ఆ రోజు దాటితే 1,44,000 వాళ్ల చేతిలోంచి జారుతుంది.

ఇక్కడొక మినహాయింపు ఉంది. కంపెనీ నష్టాల్లో ఉంటే రెండో అంకెకు విలువ లేదు. ఆదాయపు పన్ను కట్టని ప్రభుత్వ శాఖ అయినా అంతే. అలాంటి చోట వడ్డీ మాట, వాళ్లు క్రెడిట్ వాడుకునేవాళ్లయితే జీఎస్టీ మాట మాట్లాడండి.

సమాచారంలో ఇంకో ముక్క ఉంది: వాళ్లు డబ్బుండి ఆపుతున్నారా, డబ్బు లేక ఆపుతున్నారా? జీఎస్టీ పోర్టల్‌లో వాళ్ల జీఎస్టీఐఎన్ కొట్టి చూస్తే రిటర్నులు ఏ నెలదాకా, ఏ తేదీన వేశారో ఎవరికైనా కనిపిస్తుంది. ప్రతినెలా 20కల్లా వేసేవాళ్లు రెండు నెలలుగా వేయలేదంటే అక్కడ నగదు లేదని అనుమానించాలి. అదే కంపెనీకి సరుకిచ్చే మరో ఇద్దరు ముగ్గురు వెండర్లతో టీ దగ్గర మాట్లాడండి. అందరికీ ఆగిందా, మీకేనా? అందరికీ ఆగితే మీ వ్యూహం మారాలి. వడ్డీ ఊసెత్తకుండా అసలులో ఎంత వస్తే అంత ముందు తెచ్చుకోవాలి, కొత్త సరుకు అప్పు మీద పంపడం ఆపాలి. మీకొక్కరికే ఆగితే ఎక్కడో మీ ఫైలు ఇరుక్కుందని అర్థం. జీఆర్ఎన్ ఎక్కలేదో, ఇన్వాయిస్‌లో పీవో నంబరు తప్పు పడిందో చూడండి. అలాంటప్పుడు చట్టం తీయడమంటే దోమను కొట్టడానికి గొడ్డలి ఎత్తడమే.

మూడో పని: తెగితే ఎక్కడ నిలబడతారో ముందే కట్టుకోండి

ఆ కంపెనీ మీ టర్నోవర్‌లో 70 శాతం ఉంటే, "సరుకు ఆపుతాను" అనే మాట మీ నోట్లోంచి రాకూడదు. అది నిజం కాదని వాళ్లకు తెలుసు. అబద్ధపు బెదిరింపు ఒకసారి పట్టుబడిందంటే తర్వాతి నిజానికీ విలువ ఉండదు. అందుకే మాట్లాడే ముందే మరో కొనుగోలుదారుకి శాంపిల్ పంపి, చిన్నదైనా ఒక ట్రయల్ ఆర్డర్ తెచ్చుకోండి. 50,000 రూపాయల ఆర్డర్ అయినా సరే, కూర్చున్నప్పుడు మీ గొంతులో తేడా వస్తుంది. దాని గురించి చెప్పుకోవాల్సిన అవసరం కూడా ఉండదు.

వాళ్లకు ఎన్ని దారులున్నాయో కూడా లెక్కపెట్టండి. చిన్నవాళ్లు తరచూ మరిచేది ఇదే. మీ స్థానంలో కొత్త వెండర్ రావాలంటే మొదటి శాంపిల్, కొలతల తనిఖీ, ట్రయల్ లాట్, ఆమోదం అన్నీ మళ్లీ మొదలవ్వాలి. దానికి వారాలు, కొన్ని భాగాలకు నెలలు పడుతుంది. జిగ్‌లు, ఫిక్చర్లు మీవైతే ఇంకా ఎక్కువ. డైలు వాళ్లవి అయితే ఆ మేరకు మీ బలం తగ్గుతుంది, ఒప్పుకోండి. మీరు చేసే ముక్క వీధిలో పదిమంది చేసేదైతే ఈ బలమే లేదు. అప్పుడు గడువు తేదీల మీదే ఆధారపడాలి.

నగదుకు మరో దారి ట్రెడ్స్. కొనుగోలుదారు ఆమోదించిన బిల్లు మీద బ్యాంకులు వేలంలో పోటీపడి ముందే డబ్బిచ్చే వేదిక ఇది. ఆర్‌ఎక్స్‌ఐఎల్, ఎం1ఎక్స్ఛేంజ్, ఇన్వాయిస్‌మార్ట్ లాంటివి ఉన్నాయి. టర్నోవర్ 250 కోట్లు దాటిన కంపెనీలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు 2025 మార్చి 31లోగా ఇందులో చేరాలని కేంద్రం ఆదేశించింది. ఇక్కడ తర్వాత కంపెనీ బ్యాంకుకు ఎగ్గొట్టినా, బ్యాంకు మీ మీదికి రాదు. అయితే చేరడం తప్పనిసరి గానీ మీ బిల్లును ఆమోదించడం వాళ్ల చేతిలోనే ఉంది. కాబట్టి ఇది బేరంలో వాళ్లకు మీరిచ్చే సులువైన దారి: "నగదు ఇప్పుడు కష్టమైతే ట్రెడ్స్‌లో బిల్లు ఆమోదించండి సార్, మీరు తర్వాత బ్యాంకుకు కట్టుకోవచ్చు."

మీ వైపు కాలం ఎక్కడ నొక్కుతుందో కూడా చూసుకోండి. ఏడో తారీఖు జీతాలు, పదో తారీఖు ఈఎంఐ అయితే, ఆరో తారీఖున బేరానికి వెళ్లకూడదు. ఆ ఆత్రం ముఖంలో కనిపిస్తుంది. ఒక నెల జీతాలకు సరిపడా ఓడీ లేదా చీటీ డబ్బు పక్కన పెట్టుకున్నాకే కూర్చోండి.

నాలుగో పని: తేదీ చూసి, మనిషిని చూసి మాట్లాడండి

మన ఉదాహరణలో మంచి సమయం ఫిబ్రవరి 10 నుంచి 20. మార్చి 19, మార్చి 31 రెండూ దగ్గర్లోనే ఉంటాయి, కానీ వాళ్లు ఏర్పాటు చేసుకునేంత వ్యవధీ ఉంటుంది. మార్చి 28న వెళితే అకౌంట్స్‌లో అందరూ మీలాంటివాళ్లతోనే సతమతమవుతుంటారు. ఏప్రిల్ 5న వెళితే వాళ్లకు జరగాల్సిన నష్టం జరిగిపోయింది, మీ పెద్ద బలం ఇంకో ఏడాది దాకా రాదు. ఏప్రిల్‌లో మిగిలేది ఒకటే: 45 రోజులు దాటిన సూక్ష్మ, చిన్న సంస్థల బాకీలను కంపెనీలు ఎంఎస్ఎంఈ-1 ఫారంలో ప్రభుత్వానికి చూపాలి. అక్టోబరు నుంచి మార్చి వరకు ఉన్నవాటికి గడువు ఏప్రిల్ 30, మిగతా ఆరు నెలలకు అక్టోబరు 31.

ఇంకో తేదీ మీ చేతిలోనే ఉంది. అదే తర్వాతి లాట్ పంపే రోజు. సరుకు మీ షెడ్‌లో ఉన్నంతసేపూ మీకు మాట ఉంది, లారీ వెళ్లాక లేదు. కానీ పీవో ప్రకారం ఒప్పుకున్న తేదీకి పంపకపోతే తప్పు మీది అవుతుంది. కాబట్టి పంపననకండి. కొత్త పీవో ఒప్పుకునే ముందు ముడిసరుకుకు అడ్వాన్స్ అడగండి.

ఎవరితో మాట్లాడాలి? పర్చేజ్ ఆఫీసర్‌కు మీతో పని ఉంది కానీ డబ్బు విడుదల చేసే అధికారం లేదు. డబ్బు విడుదల అకౌంట్స్ హెడ్ చేతిలో ఉంది, కానీ ఆయనకు మీరెవరో తెలియదు. అందుకే పర్చేజ్ ఆఫీసర్‌ని మీ వైపు ఉంచుకుని, ఆయన ద్వారానే అకౌంట్స్‌కి వెళ్లండి. చట్టం అసలు ఉపయోగం ఇక్కడే అని నా అభిప్రాయం. ఆయన తన పైవాళ్ల దగ్గర "వెండర్ గోల చేస్తున్నాడు" అంటే ఎవరూ పట్టించుకోరు. "మార్చి 19 దాటితే మనకే క్రెడిట్ పోతుంది" అంటే ఫైలు కదులుతుంది. ఆ మాట ఆయన చేతికి మీరే అందివ్వాలి. మెయిల్ ఇలా ఉంటే చాలు:

"నమస్తే సార్. సెప్టెంబరు 20 నాటి మా ఇన్వాయిస్ 9,44,000 రూపాయలు ఇంకా రాలేదు. చలాన్, జీఆర్ఎన్, ఉద్యమ్ సర్టిఫికెట్ జతచేస్తున్నాం. ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం గడువు నవంబరు 4తో ముగిసింది. మార్చి 19కి 180 రోజులు పూర్తవుతాయి, మీ వైపు జీఎస్టీ క్రెడిట్‌కు ఇబ్బంది రాకుండా ఆలోపే పూర్తిచేయగలరేమో అకౌంట్స్ వారితో మాట్లాడగలరు. ఈ వారంలో ఏ రోజు రమ్మంటారో చెప్పండి."

ఇందులో బెదిరింపు లేదు, ఇలాంటి బాకీల వివాదాలు తేల్చే ప్రభుత్వ కౌన్సిల్ పేరు కూడా లేదు. చట్టం తెలిసినవాళ్లకు చదవగానే అర్థమవుతుంది.

ఎదురెదురుగా కూర్చున్నప్పుడు

వడ్డీ 41,300 మీ బేరపు సరుకు. అది నిజంగా మీకు రావాల్సిందే. అందుకే దాన్ని ఊరికే వదలకండి, దేనికి బదులుగా వదులుతున్నారో చెప్పి వదలండి. సంభాషణ సాధారణంగా ఇలా నడుస్తుంది.

"ఇప్పుడు మొత్తం ఇవ్వలేమండీ. మార్చి నెలాఖరుకి సగం చూద్దాం."

"సరే సార్, మీ ఇబ్బంది అర్థమైంది. ఫిబ్రవరి 25కి 5 లక్షలు, మార్చి 15కి మిగిలిన 4,44,000 ఇవ్వండి. రెండు తేదీలూ నిలబడితే వడ్డీ అడగను. ఒకటి తప్పినా నవంబరు నుంచి వడ్డీ లెక్కలోకి వస్తుంది. దీంతోపాటు ఇకమీదట పీవోలో 45 రోజులని మార్చండి."

ఇక్కడ మాట ఆపి ఊరుకోండి. చాలామంది ఆ నిశ్శబ్దానికి తట్టుకోలేక "పోనీ ఏప్రిల్‌కి అయినా..." అని తమ గడువును తామే తెంపేసుకుంటారు. "అందరికీ 90 రోజులే, మా పాలసీ" అంటే వాదించకండి. "మిగతా వెండర్ల సంగతి నాకు తెలియదు సార్, సూక్ష్మ సంస్థలకు వేరే నియమం ఉందని మీ ఆడిటర్ గారే చెబుతారు, ఒకసారి అడగండి" అనండి. నిర్ణయాన్ని వాళ్ల ఆడిటర్ మీద పెడితే మీకు తలవంచినట్టు వాళ్లకనిపించదు. గది దాటిన గంటలోపు, అనుకున్న తేదీలు, మొత్తాలు, వడ్డీ షరతు మెయిల్‌లో పంపండి. మాటగా మిగిలిన ఒప్పందం మనిషి బదిలీ అయితే పోతుంది.

సంతకాల దగ్గర రెండు ఉచ్చులుంటాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో వాళ్ల ఆడిట్ కోసం బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ లెటర్ వస్తుంది. అందులో బాకీ తక్కువగా ఉన్నా, వడ్డీ ఏమీ లేదని రాసి ఉన్నా అలాగే సంతకం చేయకండి. మీ లెక్క రాసి, తేడా చూపించి పంపండి. కొనుగోలుదారు తన వార్షిక లెక్కల్లో సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లించని అసలు, వడ్డీ విడిగా చూపాలని ఎంఎస్ఎంఈ చట్టమే చెబుతోంది గనుక, మీ జవాబు వాళ్ల ఆడిటర్ దాకా వెళుతుంది. రెండోది, తొలి వాయిదా చెక్కుతో వచ్చే వోచర్ మీద "పూర్తి, తుది పరిష్కారం" అని ఉండొచ్చు. ఆ మాట కొట్టేసి, "పార్ట్ పేమెంట్" అని రాసి సంతకం పెట్టండి.

తేదీలు తప్పితే

అప్పుడు మైక్రో అండ్ స్మాల్ ఎంటర్‌ప్రైజెస్ ఫెసిలిటేషన్ కౌన్సిల్. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఉన్నాయి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. samadhaan.msme.gov.in ఇందుకోసమే పెట్టారు, 2025లో కేంద్రం ఆన్‌లైన్ వివాద పరిష్కార పోర్టల్ కూడా తెచ్చింది. పీవో, ఇన్వాయిస్, ముద్ర ఉన్న చలాన్, మెయిళ్లు జతచేయాలి. ముందు రాజీ ప్రయత్నం, అది కుదరకపోతే మధ్యవర్తిత్వ తీర్పు. చిన్నవాళ్లకు ఇందులో రెండు పెద్ద అనుకూలతలున్నాయి. విచారణ పరిధి సరఫరాదారు ఉన్న చోటే, కాబట్టి కొనుగోలుదారు పుణెలో ఉన్నా చెన్నైలో ఉన్నా మీ రాష్ట్ర కౌన్సిల్ ముందుకే రావాలి. తీర్పును కోర్టులో సవాలు చేయాలంటే తీర్పు మొత్తంలో 75 శాతం ముందు డిపాజిట్ చేయాలి. చట్టంలో 90 రోజుల గడువున్నా, ఆచరణలో అంతకంటే చాలా ఎక్కువే పడుతుంది. ఆ కాలమంతా ఆ కంపెనీ నుంచి ఆర్డర్లు రాకపోతే తట్టుకోగలరా అన్నది దరఖాస్తు నొక్కే ముందు ఆలోచించాలి.

అందుకే దరఖాస్తు నింపి సిద్ధంగా పెట్టుకుని, పంపే ముందు ఒక్క మెయిల్ రాయండి: ఫలానా తేదీలోపు చెల్లింపు రాకపోతే కౌన్సిల్‌కు వెళతామని, ఆ రోజు వరకు వడ్డీ ఎంతైందని. ఏడు రోజుల గడువు ఇవ్వండి. ఎనిమిదో రోజున డబ్బు రాకపోతే తప్పకుండా నొక్కండి.